వైట్ స్పాట్ వచ్చిందని ఏ గ్రూపులో ఎలా చెప్పాలి?

నెల్లూరు, ప్రకాశం తీరంలో రొయ్యల గుంటల మీద బతికేవాళ్ల ఫోన్లలో కనీసం రెండు వాట్సాప్ గ్రూపులు ఉంటాయి. ఒకటి పని గ్రూపు. అందులో ఓనరు, మేనేజరు, సూపర్‌వైజర్లు, టెక్నీషియన్లు, రాత్రి కాపలా వాళ్లు ఉంటారు. రెండోది పదో తరగతి నుంచీ కలిసి తిరిగిన స్నేహితులది. గుంటకు వైట్ స్పాట్ వైరస్ సోకిందన్న చెడ్డ కబురు వచ్చిన రోజు ఈ రెండు గ్రూపుల్లోనూ రాయాల్సింది ఒకే మనిషి కావచ్చు. ఎక్కడ ఎలా రాయాలన్న విషయంలో మనం తరచూ తలకిందులుగా నడుస్తున్నామని నా అభిప్రాయం. సూటిగా చెప్పాల్సిన పని గ్రూపులో నసుగుతాం. ఆగి చెప్పాల్సిన స్నేహితుల గ్రూపులో ఠక్కున పడేస్తాం.

ఒక ఉదాహరణ తీసుకుని చూద్దాం. అల్లూరు వైపు పన్నెండు గుంటల ఫారం ఒకటి ఉందనుకోండి. వెనామీ రకం రొయ్యల సాగు, ఏడో గుంటలో పిల్లలు వదిలి 58 రోజులు, రొయ్య కిలోకు 90 కౌంట్‌లో ఉంది. పొద్దున చెక్ ట్రేలు ఎత్తితే మేత సగం మిగిలింది. గట్టు వెంబడి ఆరు చచ్చిన రొయ్యలు కనిపించాయి. సూపర్‌వైజరు శాంపిల్ తీసుకుని నెల్లూరు ల్యాబ్‌కు బయల్దేరాడు. పక్క ఊళ్లో రెండెకరాల గుంట లీజుకు తీసుకున్న స్నేహితుడు ఆ రోజు ఒంగోలులో పెళ్లిలో ఉన్నాడు. తన శాంపిల్ కూడా కాస్త ఇచ్చి రమ్మన్నాడు. సాయంత్రం రెండు రిపోర్టులూ ఒకేసారి ఈ సూపర్‌వైజరు చేతికి వచ్చాయి. రెండూ వైట్ స్పాట్ పాజిటివ్.

ఈ వైరస్ మన తీరానికి కొత్త కాదు. 1994-95లో టైగర్ రొయ్య సాగును దెబ్బతీసింది ఇదే. 2009లో వెనామీకి అనుమతి వచ్చాక కూడా మనల్ని వదల్లేదు. లక్షణాలు బయటపడ్డాక మూడు నుంచి పది రోజుల్లో గుంట మొత్తం పోవచ్చు. నీటితో, వలతో, పీతలతో పక్క గుంటకు పాకుతుంది. అందుకే ఇక్కడ మెసేజ్ రాసే తీరు మర్యాదకు మాత్రమే సంబంధించింది కాదు. దాని మీద గుంటలు ఆధారపడి ఉంటాయి.

ముందు పని గ్రూపు సంగతి. అక్కడ మామూలుగా కనిపించే మెసేజ్ ఇలా ఉంటుంది: "గుడ్ ఈవినింగ్ సార్. ఏడులో చిన్న ప్రాబ్లం ఉంది సార్. రొయ్య కొంచెం డల్‌గా ఉంది. రిపోర్టు అంత బాగా రాలేదు. చూస్తున్నాం సార్."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ రాత్రి కాపలా అబ్బాయి దీన్ని చదివి ఏం చేయాలి? ఏడో గుంటలో విసిరిన వలనే ఎనిమిదిలోనూ విసురుతాడు, ఎందుకంటే ప్రాబ్లం చిన్నదని రాశారు. ఎప్పటిలా నీళ్లు మార్చడానికి తూము తెరుస్తాడు. ఆ నీళ్లు కాలువలో కలుస్తాయి, అదే కాలువ నుంచి కింది వాళ్లు తోడుకుంటారు. తిట్లు తప్పించుకోవడానికి వాడిన "చిన్న", "కొంచెం", "అంత బాగా" అనే మాటలే నష్టాన్ని పెంచుతాయి.

ఇలా నసగడం మన ఒక్కళ్ల బలహీనత కాదు. చెడ్డ వార్త మోసుకెళ్లాల్సిన మనిషి దాన్ని సగంలో మింగేస్తాడని, మంచి వార్తయితే పూర్తిగా చెప్పేస్తాడని 1970లోనే అమెరికా సైకాలజిస్టులు సిడ్నీ రోసెన్, అబ్రహాం టెస్సర్ ప్రయోగాలు చేసి చూపించారు. మన దగ్గర దానికి ఓనరు గారి కోపం కూడా తోడవుతుంది.

అదే సూపర్‌వైజరు ఇలా రాస్తే?

"ఏడో గుంట వైట్ స్పాట్ పాజిటివ్. ల్యాబ్ రిపోర్టు 4.40కి వచ్చింది. ఆరు, ఎనిమిది గుంటల్లో ఇప్పటికి లక్షణాలు లేవు, రేపు పొద్దున శాంపిల్ పంపుతాం. ఏడు తూము మూసేశాం, ఎవరూ తెరవొద్దు. ఏడులో వాడిన వల, బకెట్లు, ట్రేలు వేరే గుంటకు తీసుకెళ్లొద్దు. రొయ్యల పట్టుబడి చేయాలా వద్దా అన్నది మేనేజర్ గారు 7 లోపు చెప్పాలి. 8 గంటలకు మళ్లీ రాస్తాను."

మొదటి ఐదు మాటల్లో వార్త అయిపోయింది. కావాలనే అలా రాయాలి. ఫోన్ తెరవకుండా పైన కనిపించే నోటిఫికేషన్‌లో మొదటి వరుసే వస్తుంది, గట్టు మీద పనిలో ఉన్నవాడు చూసేది అంతే. ఆ తర్వాత తెలిసిందేదో, తెలియనిదేదో విడివిడిగా ఉంది. ఎవరేం చేయకూడదో ఉంది. నిర్ణయం ఎవరిదో, ఎప్పటిలోగానో ఉంది. చివరి వరుస చిన్నదే అయినా నా దృష్టిలో చాలా విలువైంది. మళ్లీ ఎప్పుడు రాస్తాడో తెలిస్తే ముప్పై మంది ముప్పై సార్లు "ఏమైంది?" అని అడగరు.

ఈ మెసేజ్‌లో లేనివి కూడా గమనించండి. క్షమాపణ లేదు. వైరస్ ఎలా వచ్చిందన్న ఊహ లేదు. గుంటలో వదిలిన సీడ్ మీద, పక్క రైతు మీద, కాపలా అబ్బాయి మీద నింద లేదు. కారణం తేల్చడం తర్వాతి పని. ఆ సాయంత్రమే గ్రూపులో దాన్ని తవ్వితే తూము సంగతి మరుగున పడుతుంది. వాయిస్ మెసేజ్ కూడా వద్దంటాను. ఏరియేటర్ల మోతలో అది వినపడదు, రెండు రోజుల తర్వాత వెతికినా దొరకదు.

పంపేముందు ఒక పని చేయాలి, గ్రూపులో ఎవరెవరున్నారో చూడాలి. మేత డీలరు, మందుల కంపెనీ కుర్రాడు, ఒక్కోసారి కొనుగోలుదారు మనిషి కూడా ఎప్పుడో చేరి ఉండిపోతారు. వైట్ స్పాట్ అని తెలిస్తే రైతు ఆగలేడని వాళ్లకు తెలుసు, రేటు అక్కడే దిగుతుంది. బయటివాళ్లు ఉంటే ఫారం వాళ్లకు మాత్రమే వేరే గ్రూపు పెట్టుకోవాల్సిందే. ఓనరుకు ఒక నిమిషం ముందు ఫోన్ చేయడం కూడా సబబు. పెట్టుబడి పెట్టిన మనిషి కాపలావాళ్లతో పాటు గ్రూపులో చదివి తెలుసుకోవడం బాగుండదు. అయితే ఆయన ఫోన్ ఎత్తేదాకా తూము సంగతి ఆపకూడదు.

మేనేజరు ఇచ్చే జవాబుకూ ఇంతే బరువుంది. "ముందే ఎందుకు చూసుకోలేదు?" అని అందరి ముందూ ఆయన రాస్తే, వచ్చే పంటలో ట్రేలో మేత మిగిలిన రోజున ఎవరూ నోరు విప్పరు. "చూశాను. 6.30కి ఫారం దగ్గర ఉంటా, అప్పుడు తేలుద్దాం" అంటే చాలు.

ఇప్పుడు స్నేహితుడి రిపోర్టు దగ్గరికి వద్దాం. వార్త అదే, ల్యాబ్ అదే. కానీ ఇక్కడ వార్త ఒక మనిషిది. లీజు డబ్బు అతనిది, సీడు అప్పు అతనిది. అందుకని ఈ వార్త గ్రూపులో మొదలు కాకూడదు. "రేయ్, మనోడి గుంటకు వైట్ స్పాట్ అంట" అని ఒకడు రాస్తే, ఒంగోలు నుంచి బండి మీద వస్తున్న ఆ మనిషి ఆ వరుసను నోటిఫికేషన్‌లో చూస్తాడు. అదీ తన కంటే ముందు పదిమంది చదివాక. పని గ్రూపులో ఉపయోగపడిన మొదటి వరుసే ఇక్కడ గాయం చేస్తుంది.

ముందు ఫోన్ చేయాలి. "రేయ్, యాడున్నావు? బండి మీదున్నావా? పక్కన ఆపు." తర్వాత: "ల్యాబ్ రిపోర్టు వచ్చింది రా. మంచి కబురు కాదు." ఇక్కడ ఆగాలి. చాలాసార్లు అవతలి మనిషే అడుగుతాడు, "వైట్ స్పాటేనా?" అని. "అవును రా." కేన్సర్ డాక్టర్ల కోసం 2000లో ప్రచురించిన స్పైక్స్ అనే పద్ధతిలో కూడా ఇదే వరస ఉంది. మనిషి ఎక్కడున్నాడో చూసుకోవడం, అతనికి ఎంతవరకు తెలుసో కనుక్కోవడం, చెడ్డ వార్త వస్తోందని ముందుగా ఒక మాట అనడం, ఆ తర్వాతే వార్త. ఆస్పత్రి గదిలో పనికొచ్చేది గుంట గట్టు మీద కూడా పనికొస్తుంది.

అతను స్నేహితుడు కాబట్టి తూము మూయడం, నీళ్లకు బ్లీచింగ్ వేయడం సంగతి చెప్పకుండా వదిలేయమని కాదు. అవీ చెప్పాలి. అతను ఊపిరి తీసుకున్నాక, అదే ఫోన్‌లో, "నీళ్లు మాత్రం వదలబాకురా, రాత్రికి నేనొస్తా" అన్నంత చిన్నగా.

గ్రూపులో ఎప్పుడు, ఎంత చెప్పాలన్నది ఇక అతని ఇష్టం. అతనే రాసుకోవచ్చు: "రేయ్, గుంటలో వైరస్ పడింది. రేపు పట్టేస్తున్నా. ఫోన్లు చేయబాకండి, నేనే చేస్తా." ఇక్కడ కౌంట్ లేదు, నష్టం లెక్క లేదు. అడగనూ కూడదు. "ఎంత పోయింది మామా?" అన్న ప్రశ్న ప్రేమతో అడిగినా, ఇంట్లో భార్యకు ఇంకా చెప్పని అంకెను పదిమంది ముందు చెప్పమనడమే అవుతుంది. "ఆ సీడ్ వద్దని అప్పుడే చెప్పినా కదా" అన్నది ఇంకా ఘోరం. పని గ్రూపులో బొటనవేలు గుర్తు పెడితే చూశానని అర్థం, అది అవసరం కూడా. ఇక్కడ అదే గుర్తు చూసి మనసు చివుక్కుమంటుంది. "ఎన్ని గంటలకి పడతన్నావు? నేనొస్తా" అని ఒకడు, "ఐస్‌కు నేను చెప్తా" అని ఇంకొకడు రాస్తే అతనికి అందులో ఒక ఆసరా కనిపిస్తుంది. ఆ రాత్రికి స్టిక్కర్లు, వీడియోలు ఆపడం గ్రూపులో ఎవరో ఒకరు చూసుకోవాలి.

ఈ రెండింటికీ మధ్య ఇంకో గ్రూపు ఉంటుంది. మేనేజరు లేకుండా కుర్ర టెక్నీషియన్లు పెట్టుకున్నది. అందరూ తోటి ఉద్యోగులే, స్నేహితులే. ఎక్కువ చేటు జరిగేది ఇక్కడేనని నాకనిపిస్తుంది. "ఏడు అవుట్ మామా" అని రిపోర్టు ఫొటోతో సహా ముందు ఇక్కడే పడుతుంది, అరగంటలో కావలి దాకా పాకుతుంది. డిలీట్ కొట్టినా లాభం లేదు, అప్పటికే ఎవరో స్క్రీన్‌షాట్ తీసి ఉంటారు. గుంట పేరు, రిపోర్టు ఉన్న వార్త ఏదైనా సరే, ఎంత సన్నిహితులైనా సరే, అది పని వార్తే. పని గ్రూపులో పడ్డాకే ఇక్కడికి రావాలి. "నాకు చాలా టెన్షన్‌గా ఉంది రా, రాత్రి డ్యూటీలో తోడుంటావా?" అన్నది మాత్రం ఇక్కడ రాసుకోవాల్సిందే. అది పెద్ద గ్రూపులో రాయలేం.

ఇక వార్త ముగిసే తీరు కూడా రెండు చోట్లా ఒకటి కాదు. పని గ్రూపులో ముగింపు మెసేజ్ తప్పనిసరి: "ఏడు పట్టుబడి అయింది. నీళ్లకు బ్లీచింగ్ వేసి నిలబెట్టాం, వదిలే తేదీ మేనేజర్ గారు చెప్తారు. ఆరు, ఎనిమిది నెగటివ్." అది రాయకపోతే పది రోజుల తర్వాత కూడా ఎవడో ఏడు వలను ముట్టుకోవడానికి జంకుతూనే ఉంటాడు, లేదా అసలు జంకకుండా వాడేస్తాడు. స్నేహితుల గ్రూపులో అలాంటి మెసేజ్ ఎవరూ రాయలేరు. అక్కడ పట్టుబడి రోజు పదిమంది వస్తారు, వారానికి మళ్లీ క్రికెట్ కబుర్లు మొదలవుతాయి. లీజు కిస్తీ, మేత బాకీ కట్టాల్సిన తేదీలు మాత్రం ఆ తర్వాతే వస్తాయి. ఆ తేదీలు తెలిసిన స్నేహితుడు గ్రూపులో కాకుండా విడిగా ఫోన్ చేసి, "మేత డీలరు దగ్గరికి పోయేటప్పుడు చెప్పు, నేనూ వస్తా" అనాలి.