పిల్లల నాడికి పెద్దల పట్టికా?

ఉగాది నాడు బెంగళూరులో మన సంఘం పెట్టిన ఆరోగ్య శిబిరంలో ఏం జరిగిందో ఈపాటికి అందరూ వినే ఉంటారు. కోలాటం ఆడి అప్పుడే వేదిక దిగిన నాలుగేళ్ల పాప వేలికి ఆక్సీమీటర్ తగిలించారు. నాడి 124 చూపించింది. ఫారం మీద అచ్చయిన హద్దు 60–100. ఎర్ర సిరాతో సున్నా చుట్టి, "గుండె దడగా ఉందమ్మా, వెంటనే చూపించండి" అన్నారు. ఆ తల్లి ఉగాది పచ్చడైనా నోట పెట్టకుండా బిడ్డనెత్తుకుని ఆస్పత్రికి పరుగెత్తింది. పాపకు ఏ జబ్బూ లేదు. పండగపూట సేవకు నిలబడ్డ కార్యకర్తలను తప్పు పట్టలేం. తప్పు ఆ ఫారానిది. 60–100 అనేది పెద్దవాళ్ల లెక్క.

మెలకువగా, కుదురుగా ఉన్నప్పుడు నెలల బిడ్డ గుండె నిమిషానికి దాదాపు 100 నుంచి 160 సార్లు కొట్టుకుంటుంది. మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకు 80–120, ఆరు నుంచి పదకొండేళ్ల వాళ్లకు 75–118 మామూలే. పన్నెండు దాటాకే పెద్దల హద్దు వర్తిస్తుంది. నిద్రలో ఇవన్నీ తగ్గుతాయి, ఆడిన వెంటనే పెరుగుతాయి. ఆ పాపకు 124 వచ్చింది అందుకే.

చిన్న గుండెకు అంత వేగం ఎందుకంటే, అది ఒక్కసారికి పంపగలిగే రక్తం చాలా తక్కువ. మూడు కిలోల పసిబిడ్డ గుండె ఒక్కో కొట్టుకు సుమారు నాలుగున్నర మిల్లీలీటర్లు పంపుతుంది. నిమిషానికి 140 సార్లు కొట్టుకుంటే 630 మిల్లీలీటర్లు, అంటే కిలో బరువుకు 210. అరవై కిలోల పెద్దమనిషి గుండె ఒక్కసారికి 70 మిల్లీలీటర్లు పంపి, 70 సార్లు కొట్టుకుంటే కిలోకు సుమారు 80 మాత్రమే. ఎదిగే ఒంటికి ప్రాణవాయువు కిలో చొప్పున పెద్దల కన్నా దాదాపు రెట్టింపు కావాలి. పసి గుండె కండరం బిరుసుగా ఉంటుంది, మరింత సాగి ఎక్కువ రక్తం నింపుకోలేదు. అవసరం పెరిగితే వేగం పెంచడమే దానికి ప్రధానమైన దారి. వయసుతోపాటు గుండె పెద్దదవుతుంది, దాన్ని నెమ్మదింపజేసే వేగస్ నరం పట్టు కూడా బిగుస్తుంది. అందుకే నాడి క్రమంగా దిగుతుంది.

ఈ లెక్క తెలిస్తే ఆ ఫారంలోని అసలు ప్రమాదం కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పాపను బెదరగొట్టడం ఒకటి. దానికన్నా భయంకరమైనది, మెలకువలోనే మత్తుగా వాలిపోయి, పాలు తాగని ఆరునెలల బిడ్డకు 70 వస్తే అదే ఫారం "నార్మల్" అని పంపేస్తుంది. ఆ వయసులో అది అత్యవసరం. అలాగే పదిహేనేళ్ల కుర్రాడు పది నిమిషాలు కూర్చున్నాక కూడా రోజూ 118 చూపిస్తుంటే, నాలుగేళ్ల పిల్లకు చెల్లినట్టు అతనికి చెల్లదు. రక్తహీనత, థైరాయిడ్ చూడాలి.

నిద్రపోయే బిడ్డ గుండె మీద అమ్మమ్మ చెయ్యి పెట్టి చూడటాన్ని చాదస్తం అంటారు కానీ, కోలాటం దిగగానే కొలవడం కన్నా అది మేలు. ఆటపాటలు, ఏడుపు సద్దుమణిగాక అయిదు, పది నిమిషాలు ఒళ్లో కూర్చోబెట్టాలి. ఏడాదిలోపు బిడ్డకు మణికట్టు దగ్గర నాడి సరిగా దొరకదు. భుజానికీ మోచేతికీ మధ్య, చేతి లోపలి వైపున రెండు వేళ్లు ఆనించాలి. పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు లెక్కించి నాలుగుతో గుణిస్తే ఒక్క పొరపాటు నాలుగవుతుంది. పైగా పిల్లల్లో ఊపిరి పీల్చినప్పుడు నాడి పెరిగి, వదిలినప్పుడు తగ్గడం సహజం. పెద్దల ఆక్సీమీటర్ చిన్న వేలికి వదులుగా ఉండి, చెయ్యి కదిలితే తప్పు అంకె ఇస్తుంది. దాన్ని చేత్తో లెక్కించినదానితో సరిచూడాలి.

జ్వరం ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు సుమారు పది పెంచుతుంది. మామూలుగా 100 ఉండే పిల్లకు 39 డిగ్రీల జ్వరంలో 120 వస్తే కంగారక్కర్లేదు. జ్వరం దిగినా 150 దగ్గరే ఉండి, చేతులు చల్లబడి, మూత్రం తగ్గితే మాత్రం ఎండుమిరపకాయలతో దిష్టి తీసి తెల్లారేదాకా ఆగొద్దు. ఏడ్చినా నిద్రపోయినా మారకుండా 180 పైన, నెలల బిడ్డకైతే 220 పైన నిలిచిపోతే అది గుండె లయ సమస్య కావచ్చు. ఆ రాత్రే ఈసీజీ తీయించాలి.

కార్యవర్గానికి నా విన్నపం ఇదే. దసరా శిబిరానికి ఫారం అచ్చు వేసేముందు నాడి గడి పక్కన వయసు, జ్వరం, "నిద్రలోనా, మెలకువలోనా, ఏడుస్తూనా" అన్న మూడు గడులు చేర్చండి. వయసులవారీ హద్దులు వెనకవైపు వేయించండి. పిల్లల బల్లను వేదికకు దూరంగా పెట్టించండి.