ఒకటిన్నర శాతం మహత్యం

మన డబ్బును అప్పులుగా ఇచ్చే డెట్ ఫండ్లలో దెబ్బతిన్నవాళ్లను ఆశపోతులనడం అన్యాయం. షేర్ల జోలికి పోలేదు, క్రిప్టో వైపు కన్నెత్తి చూడలేదు. అడిగిందల్లా ఎఫ్‌డీ కంటే ఓ ఒకటిన్నర శాతం ఎక్కువ, అదీ రిస్కు లేకుండా. ఈ మాత్రం కోరిక తీర్చలేకపోతే ఇంకెందుకండీ ఫండ్ మేనేజర్లు?

తీర్చారు కూడా. రేటింగ్‌లో పైమెట్టున ఉన్న ట్రిపుల్ ఏ కంపెనీ తక్కువ వడ్డీ ఇస్తుంది, కింది మెట్టున ఉన్న సింగిల్ ఏ కంపెనీ ఎక్కువిస్తుంది. కాబట్టి రెండోదాన్ని కొన్నారు. అల్ట్రా షార్ట్ ఫండ్‌కు సెబీ పెట్టిన గీత కాలవ్యవధికే: 3 నుంచి 6 నెలలు. అప్పు ఎవరికిచ్చారన్నది ఆ గీతలోకి రాదు. పేరు చూసి పెట్టుబడి పెట్టినవాళ్లకు ఇదంతా ఎవరు చెబుతారు? కమీషన్ తీసుకున్న ఏజెంటా?

2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ మ్యూచువల్ ఫండ్ తన ఆరు డెట్ స్కీములకు ఒక్కసారిగా తాళం వేసింది. సుమారు రూ.25,000 కోట్లు లోపలే ఉండిపోయాయి. అందులో అల్ట్రా షార్ట్ కూడా ఉంది. కరోనా భయంతో అందరూ డబ్బు అడిగారు, తక్కువ రేటింగ్ బాండ్లకు మార్కెట్లో కొనేవాడు లేడు. ఎక్కువ కాలపు బాండ్లను వడ్డీ రేటు మారే రీసెట్ తేదీల లెక్కన పొట్టివిగా చూపించారని తర్వాత సెబీ తన ఆదేశంలో తప్పుపట్టింది. కాగితం మీద ఎంత పొట్టిగా కనబడినా, అమ్మబోతే తెలిసింది దాని అసలు పొడవు.

ఇక లెక్క చూద్దాం. లక్ష రూపాయలకు ఒకటిన్నర శాతం అదనం అంటే ఏడాదికి రూ.1,500. ఫండ్‌లో 5 శాతం ఒకే కంపెనీలో ఉందనుకోండి. ఆ కంపెనీ ఎగ్గొట్టగానే దాని విలువలో 75 శాతం కొట్టేస్తే మీకు పోయేది రూ.3,750. రెండున్నరేళ్ల సంతోషం ఒక్క సాయంత్రం ఎన్‌ఏవీలో, అంటే యూనిట్ విలువలో, ఆవిరి. రేటింగ్ ముందే హెచ్చరిస్తుందిలే అనుకునేవాళ్లకు మౌలిక వసతులకు అప్పులిచ్చే ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ కంపెనీ ఉంది: 2018 వేసవి దాకా ట్రిపుల్ ఏ, సెప్టెంబరు కల్లా డి, అంటే ఎగవేత.

పసిగట్టడం కష్టమేమీ కాదు, అందుకే ఎవరూ చేయరు. ఫ్యాక్ట్‌షీట్‌లో వైటీఎం అని ఒక అంకె ఉంటుంది, చేతిలోని బాండ్లను గడువు దాకా ఉంచుకుంటే ఏడాదికి వచ్చే రాబడి శాతం. అదే కాలవ్యవధి ఉన్న మిగతా ఫండ్లు 6 అంటుంటే, ఇది 8 అంటే ఆ తేడా మేనేజర్ తెలివి కాదు, కింద ఉన్న అప్పుల రేటింగ్. దాని పక్కనే రేటింగ్‌ల పట్టిక కూడా అచ్చేస్తారు, చిన్న అక్షరాల్లో.

ఆ ఆరు స్కీముల మదుపరులకు తర్వాత విడతలవారీగా డబ్బు తిరిగొచ్చింది, మూసిన రోజు విలువ కంటే ఎక్కువే. ఎమర్జెన్సీకని దాచుకున్నవాళ్లు ఆ మధ్యకాలం ఎలా నెట్టుకొచ్చారో ఎవరూ అడగలేదు. ఏజెంట్లు మాత్రం ఇప్పటికీ గర్వంగా చెబుతున్నారు: "చూశారా సార్, ఎక్కడికీ పోలేదు. ఇదిగో, ఇంకో ఫండ్ ఉంది, వైటీఎం ఎనిమిదిన్నర."