గ్యాస్ పైపుకి వెలకట్టే మహానుభావుడు

మా అమ్మ ఒక్కతే ఉండే టైము పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా, ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాడు ఈ ఊళ్ళో ఒకడున్నాడు. నీలం చొక్కా, జేబు మీద గ్యాస్ బొమ్మ, మెళ్ళో ట్యాగుకి వేలాడే కార్డు. ఆ కార్డు ఎప్పుడూ తిరగబడే ఉంటుంది, గాలి కూడా వాడి వైపే మరి. "అమ్మగారూ, సేఫ్టీ చెకింగండీ, గవర్నమెంట్ ఆర్డరు, చేయించుకోకపోతే నెలాఖరుకి బుకింగ్ ఆగిపోద్ది" అన్నాడట. ఇంక అమ్మ మజ్జిగ కూడా ఇచ్చింది.

వాడి తెలివి ఎక్కడుందంటే, వాడు చెప్పేదాంట్లో కొంచెం నిజం ఉంది. అయిదేళ్ళకోసారి ఇంటికొచ్చి చూసే తనిఖీ నిజంగానే ఉంది, దానికి జీఎస్టీతో కలిపి 236 రూపాయలని పెట్టారు, ఏజెన్సీ మనిషి వస్తాడు, రసీదు ఇస్తాడు. ఆ అసలు పెద్దమనిషి మా ఇంటికి ఎప్పుడొచ్చాడో నాకైతే గుర్తులేదు, ఈయన మాత్రం పెళ్ళివారిలా చెప్పిన టైముకి దిగిపోతాడు.

తర్వాత జరిగింది వినండి, అమ్మతో నాలుగుసార్లు చెప్పించుకున్నాను, ప్రతిసారీ కొత్త ముచ్చటే. సంచిలోంచి చిన్న సీసా తీశాడట, అందులో సర్ఫు నీళ్ళు. బాగా గిలక్కొట్టి ఆ నురగంతా పైపు జాయింటు మీద పులిమి, టార్చ్ వేసి, డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు చూసి, పెద్ద నిట్టూర్పు విడిచాడు. "చూశారా అమ్మగారూ, బుడగలు." సర్ఫు నురగలో బుడగలు కాకపోతే బూందీ ఉంటుందా నాయనా! అసలు పరీక్ష ఎలా చెయ్యాలంటే స్టవ్ నాబ్‌లు కట్టేసి, రెగ్యులేటర్ తెరిచి, నురగ లేని పల్చటి సబ్బునీళ్ళు రాసి కాసేపు ఆగి చూడాలి, ఒకేచోట నుంచి బుడగ పుట్టి, పెరిగి, పగిలి, మళ్ళీ అక్కడే పుడితే లీకు. ఊరికే కూర్చున్న నురగ లీకు కాదు, నురగే. మా అమ్మకి మాత్రం కళ్ళముందు ఇల్లు పేలిపోయింది.

పైపు మీద ఏడాది అచ్చు వేసి ఉంటుంది, ఆ సురక్షా పైపుకి అయిదేళ్ళ ఆయుష్షు. మాది 2023లో మార్చింది. వాడు దాన్ని చదివాడా? చదవలేదు. "ఎక్స్‌పైర్ అయింది" అన్నాడు, పీకేశాడు, సంచిలో వేసుకున్నాడు, సాక్ష్యం కూడా సంచిలోకే. నా అనుమానం, అదే సాయంత్రం పక్క వీధిలో కొత్త పైపుగా అమ్ముడుపోయి ఉంటుంది. రెగ్యులేటర్ని కూడా "ఇది పాతకాలందండీ" అని పీకి సేఫ్టీ డివైస్ అని ఇంకోటి బిగించాడు. చీటీలో లెక్క: పైపు 750, రెగ్యులేటర్ 1650, సర్వీసు 250, ఫైర్ ప్రూఫ్ స్టిక్కరుకి 100. మొత్తం 2750. స్టిక్కరు మంటని ఆపుతుందట, అది స్టవ్ పక్కన అతికించారు, వేడికి ఇప్పుడే ఒక మూల లేచింది.

ఏజెన్సీలో అడిగితే ఆ పైపు రెండొందల లోపే. రెగ్యులేటర్ సంగతి ఇంకా బాగుంది, అది అసలు మనది కాదు, డిపాజిట్ కట్టించుకుని కంపెనీ మనకిచ్చింది, మనం పాడుచెయ్యకుండా దానంతటది చెడిపోతే ఏజెన్సీలో ఊరికే మార్చిస్తారు. రేపు కనెక్షన్ వదిలేస్తే దాన్ని వాపసు ఇవ్వాలి. అంటే వీడు మాకు ఒకటి అమ్మి, మాది కానిది ఎత్తుకుపోయాడు!

ఇంతవరకూ నవ్వుతూనే రాస్తున్నాను గానీ ఇక్కడికొచ్చేసరికి నా వల్ల కావట్లేదు. ఆ రెండువేల ఏడొందల యాభై అమ్మ బీపీ మాత్రల డబ్బాలో దాచుకున్న పించను డబ్బు. డబ్బుపోతే పోయింది, ఆవిడ ఇప్పుడు రాత్రిళ్ళు మూడుసార్లు లేచి సిలిండర్ వాసన చూస్తోంది. డెబ్భై ఏళ్ళ మనిషికి సొంత వంటిల్లంటే భయం పెట్టిపోయాడు సిగ్గులేని వెధవ, దానికి ఏ చీటీలో రేటు రాశాడు? నిజంగా వాసన వస్తే రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, స్విచ్చులు ముట్టుకోకుండా బయటికొచ్చి 1906కి ఫోన్ చెయ్యమని ఫ్రిజ్ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను. అది ఏ గంటకైనా పనిచేస్తుంది, డబ్బులు అడగదు.

ఏజెన్సీకి ఫోన్ చేస్తే "మా మనిషి కాదండీ, ఎవర్నీ రానివ్వకండి" అన్నారు. సరే, మీ మనిషి ఎలా ఉంటాడు అని అడిగాను. కాస్త ఆలోచించి చెప్పాడు, "నీలం చొక్కా వేసుకుంటాడండీ, మెళ్ళో కార్డు ఉంటుంది."