సవరణ: పేరా చివరి లింకు గురించి

"మాస్టారూ, లింకంటే పాయింటునే మళ్లీ రాసేయాలా?"

హిస్టరీ పరీక్షలో జవాబు పేరాను పాయింటు, ఆధారం, వివరణ, లింకు అనే వరుసలో రాయాలని మొన్నటి పోస్టులో చెప్పి, చివరి లింకులో మొదటి వాక్యమైన పాయింటునే మళ్లీ రాయమన్నాను, అది తప్పు. విజయనగరంలో హిస్టరీ పేపర్లు దిద్దే లెక్చరర్ ఒకాయన చూసి చెప్పారు: లింకు కలవాల్సింది పేరా మొదటి వాక్యంతో కాదు, పేపర్లో అడిగిన ప్రశ్నతో.

ప్రశ్న "ఈస్టిండియా కంపెనీ చేతిలో ఉత్తరాంధ్ర జమీందార్ల అధికారం ఎలా తగ్గింది?" అనుకోండి. పాయింటు: బకాయిల సాకుతో కంపెనీ జమీందార్లను గద్దె దింపింది. ఆధారం: విజయనగరం రాజు చినవిజయరామరాజును ఆ ప్రాంతం వదిలి వెళ్లిపొమ్మంది, ఆయన వెళ్లలేదు, 1794 జూలై 10న పద్మనాభం దగ్గర పోరులో చనిపోయాడు. మనవాళ్లు జారిపోయేది ఇక్కడే, తెలిసిన కథే కదా అని యుద్ధమంతా వర్ణించేస్తారు. వివరణలో రావాల్సింది యుద్ధం కాదు, రాజు ఊళ్లో ఉంటే జనం ఆయన మాటే వింటారు కాబట్టి బాకీ ఒక్కటే కాదు, ఆయన్ని ఊరు దాటించడమూ కంపెనీకి అవసరమైందని. లింకు: "ఇలా వంశహక్కుగా ఉన్న జమీందారీ కంపెనీ దయమీద నడిచేదైంది."

కొడుకు నారాయణ గజపతికి తర్వాత జమీందారీ తిరిగిచ్చిన సంగతి లింకులో ఇరికించకండి. అది కొత్త ఆధారం, తర్వాతి పేరాలోకి పోవాలి.