రీబ్యాలెన్సింగ్‌ను తక్షణం నిషేధించాలి

పెరిగేదాని వెంట పరిగెత్తడం, పడేదాన్ని వదిలించుకోవడం మనిషి జన్మహక్కు. ఆ హక్కును కాలరాసే దురాచారం ఒకటి ఉద్యోగాల్లో కొత్తగా చేరిన కుర్రకారులో పాకుతోంది. దాని పేరు రీబ్యాలెన్సింగ్. బాగా పెరిగినదాన్ని కొంత అమ్మి, చతికిలపడ్డదాన్ని కొనాలట! ఫస్టు వచ్చిన పిల్లాడి పుస్తకాలు లాక్కుని ఫెయిలైనవాడి చేతిలో పెట్టడం కాదా ఇది?

ఈ జాడ్యం మా ఇంట్లోనే బయటపడింది. మా మేనల్లుడికి 26 ఏళ్లు. రిటైర్మెంట్‌కి ముప్పయ్యేళ్ల పైమాటే. ఆర్నెల్ల ఖర్చులకు సరిపడా డబ్బు బ్యాంకులో విడిగా ఉంచి, మిగతా పొదుపులో 80 శాతం వందల కంపెనీల షేర్లను కలిపి కొనే ఇండెక్స్ ఫండ్‌కి, 20 శాతం వడ్డీకి అప్పిచ్చే బాండ్ ఫండ్‌కి అని కాగితం మీద రాసుకున్నాడు.

"చిన్న వయసు కదరా, నూటికి నూరూ షేర్లలోనే పెట్టెయ్" అన్నాను ఉదారంగా.

"నా జీతమే ఒక బాండ్ లాంటిది మావయ్యా, నెలనెలా వస్తుంది. అందుకే 80 దాకా వెళ్లాను. కానీ షేర్లు కుప్పకూలిన ఏడాదే ఉద్యోగాలూ ఊడతాయి. షేర్లు సగానికి పడితే నాకు మొత్తంలో 40 శాతం పోతుంది. అంతవరకు నిద్ర పడుతుంది, అంతకు మించితే పట్టదు."

తన నిద్రను శాతాల్లో కొలుచుకునే తరం ఇది.

తర్వాత వాడు చూపించిన లెక్క ఇంకా ఘోరం. వాడి దగ్గర 5 లక్షలున్నాయి. అంటే షేర్లలో 4, బాండ్లలో 1. రేపు షేర్లు 40 శాతం పడ్డాయనుకుందాం. 4 లక్షలు 2 లక్షల 40 వేలవుతాయి. మొత్తం 3 లక్షల 40 వేలు. షేర్ల వాటా 80 నుంచి దాదాపు 71కి జారుతుంది. అప్పుడు వీడు దాన్ని మళ్లీ 80కి తేవడానికి బాండ్లలోంచి 32 వేలు తీసి షేర్లలో పోస్తాడట! ఊరంతా తలుపులో ఇరుక్కుని బయటికి తోసుకొస్తుంటే వీడు లోపలికి దూరతాడు.

అమ్మితే పన్నులు, ఛార్జీలు పడతాయి కాబట్టి ఇంకో దారి కూడా ఉందన్నాడు. బాండ్లు కదపకుండా, నెలనెలా దాచే 20 వేలూ షేర్లకే మళ్లించడం. నేను సంతోషించేలోపే లెక్క వేశాడు. 32 వేలు మార్చితే ఒక్క రోజులో అయ్యే పనికి, కొత్త డబ్బయితే లక్షా 60 వేలు కావాలి. ధరలు అక్కడే ఆగినా ఎనిమిది నెలలు. అదే షేర్లు 50 శాతం పెరిగితే సంగతి వేరు. షేర్లు 6, బాండ్లు 1, అంటే వాటా దాదాపు 86. ఇప్పుడు కొత్త డబ్బు 50 వేలు బాండ్లలో వేస్తే చాలు, రెండున్నర నెలల్లో 80కి దిగుతుంది. బాండ్ల గిన్నె చిన్నది, నాలుగు చుక్కలకే మట్టం పెరుగుతుంది. షేర్ల గంగాళానికి బిందెలు పోయాలి. పొదుపు 50 లక్షలకు చేరాక ఈ 20 వేలు ఏ మూలకీ రావు, అప్పుడిక అమ్మి సర్దుకోవాల్సిందేనట.

నాకు ఇవన్నీ తెలియక కాదు. అమెరికా ఎస్ అండ్ పి 500 సూచీ 2007 అక్టోబరు నుంచి 2009 మార్చి మధ్య సగానికి పైగా పడినప్పుడు, సరిగ్గా ఆ మార్చిలో ఆత్మగౌరవం ఉన్న మనిషిగా నా ఫండ్లన్నీ అమ్మేశాను. మరోసారి పడేకొద్దీ కొనడమూ ప్రయత్నించాను, ఒకే కంపెనీ షేరుతో. ఆ కంపెనీ ఇప్పుడు లేదు. "అది రీబ్యాలెన్సింగ్ కాదు మావయ్యా, మునిగే పడవలోకి సామాను ఎక్కించడం. వందల కంపెనీలున్న ఇండెక్స్ అయితేనే నేను పడ్డప్పుడు కొంటాను" అన్నాడు. పెద్దంతరం లేదు, చిన్నంతరం లేదు.

ఒక్క విషయంలో మాత్రం నిజాయితీ చూపించాడు. మార్కెట్ ఏళ్ల తరబడి పెరుగుతూనే ఉంటే, ఏమీ ముట్టుకోనివాడే తనకంటే ఎక్కువ సంపాదిస్తాడని ఒప్పుకున్నాడు. మరెందుకురా అంటే, ముట్టుకోకపోతే 80 కాస్తా 90 అవుతుంది, పతనం వచ్చిన రోజున తను ఒప్పుకోని రిస్కు తన నెత్తిన కూర్చుని ఉంటుందన్నాడు.

నేను ఫోన్‌లో మార్కెట్‌ను రోజుకి పద్నాలుగుసార్లు చూస్తాను. వీడు ఏడాదికొకసారి, పుట్టినరోజున చూస్తాడట. వాటా 75కీ 85కీ మధ్య ఉంటే ఏమీ చెయ్యకుండా మూసేస్తాడట. దేశాలు గడగడలాడుతుంటే ఏమీ చెయ్యకపోవడం! అందుకే ఈ నిషేధానికి పిటిషన్ రాశాను. మొదటి సంతకం ఇంట్లోనే పడితే బాగుంటుందని వాడి ముందు పెట్టాను.

"మొన్ననే పుట్టినరోజు అయిపోయింది కదా మావయ్యా" అన్నాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ. "వచ్చే ఏడాది చూస్తాలే."