ఆ మాత్ర ఎప్పుడు మొదలైంది?

రోజూ ఐదు రకాలకు మించి మాత్రలు మింగే పెద్దవాళ్ళకు మందుల సమీక్ష జరగాలన్న మాట కొత్తదేం కాదు. ముసలివాళ్ళకు పడని మందులతో అమెరికాలో 1991లోనే బీర్స్ జాబితా వచ్చింది. మన పెద్ద ఆసుపత్రుల్లోనూ అప్పుడప్పుడూ ఒక కాగితం మీద మందుల పేర్లు రాసి పక్కన ‘తగ్గించాలి, ఆపాలి, గమనించాలి’ అని టిక్కులు పెడుతున్నారు. మంచిదే. కానీ ఆ కాగితంలో అసలైన గడే లేదన్నది నా తగువు. ప్రతి మాత్ర ఎదురుగా అది ఏ నెలలో, ఏ బాధకు మొదలైందో రాయకపోతే టిక్కులన్నీ అంచనాలే.

మా పెద్దమ్మ సంగతే చెబుతాను. 76 ఏళ్ళు, చిత్తూరు పక్కన పల్లె. బీపీకి చిత్తూరులో ఒక డాక్టరు, షుగరుకు వెల్లూరు, చేతి వణుకుకు తిరుపతి, మోకాళ్ళకు ఊళ్ళో ఆర్‌ఎంపీ. ఎవరి చీటీ వారిదే. మందులన్నీ తిరుమల లడ్డు సంచిలో ఉంటాయి. మా అన్న కూతురు తిరుపతిలో మందుల వాడకం నేర్పే డిగ్రీ ఫార్మ్‌-డి చివరి ఏడాది ఇంటర్న్‌షిప్ చేస్తోంది. పండక్కి వచ్చినప్పుడు ఆ సంచిని చాప మీద బోర్లించింది. 11 రకాలు తేలాయి. పాత చీటీలన్నీ తేదీల వరసలో పేర్చి ఒక తెల్లకాగితం మీద గీతలు గీసింది. ఆ వరసలోనే కథ బయటపడింది.

మొదట బీపీకి ఆమ్లోడిపిన్ 5 నుంచి 10 మిల్లీగ్రాములకు పెరిగింది. రెండు నెలలకు పాదాలు వాచాయి. ఆమ్లోడిపిన్ డోసు పెరిగితే కాళ్ళు వాయడం మామూలే. సన్నటి రక్తనాళాలు వదులై నీరు కండలోకి ఊరుతుంది, అంతే తప్ప ఒంట్లో నీరు ఎక్కువై కాదు. అయినా నీరు దిగడానికి ఫ్యూరోసిమైడ్ 40 రాశారు. వాపు పెద్దగా తగ్గలేదు కానీ ఒంట్లో ఉన్న నీరు పోయింది. మంచం మీద నుంచి లేస్తే కళ్ళు తిరగడం మొదలైంది. దానికి సిన్నరిజిన్ వచ్చింది. ఏడు నెలలు పోయాక కుడిచెయ్యి వణుకు, అడుగు తీసి అడుగు వేయడంలో ఆలస్యం. సిన్నరిజిన్ మెదడులో కదలికలను నడిపే డోపమిన్ పనిని అడ్డుకుంటుంది కాబట్టి ముసలివాళ్ళలో అచ్చం వణుకుజబ్బు పార్కిన్సన్స్ లాంటి లక్షణాలే తెస్తుంది. ఆ సంగతి అడిగేవాళ్ళు లేక పార్కిన్సన్స్ మందు లెవోడోపా మొదలైంది. లెవోడోపాకు వాంతులు, వాంతులకు డోంపెరిడోన్. పైగా లెవోడోపా కూడా లేచి నిలబడగానే బీపీని దించే మందే. అంటే కళ్ళు తిరగడం ఇంకాస్త పెరిగింది.

నాలుగు కొత్త మందులు, నాలుగు కొత్త జబ్బులు. నిజానికి మూలం ఒక్క ఆమ్లోడిపిన్ పది. తారీఖుల గడి లేని పట్టికలో ఇవి విడివిడిగా నాలుగు సమస్యలు. ఫ్యూరోసిమైడ్ ‘వాపుకు అవసరం’, లెవోడోపా ‘వణుకుకు అవసరం’ అనే రాసుకునేవాళ్ళం.

ఆ అమ్మాయి చేసిన ఇంకో పని నాకు నచ్చింది. పెద్దమ్మను ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూసింది, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్ళీ చూసింది. పడుకున్నప్పుడు 142, నిలబడ్డాక 118. పై అంకె 20కి మించి పడిపోతే అది లెక్కలోకి తీసుకోవాల్సిందే. ‘తల దిమ్ముగా ఉంది నాయనా’ అని ఏడాదిగా చెబుతున్న మాటకు అంకె దొరికింది. మన దగ్గర కుర్చీలో కూర్చోబెట్టే చూస్తారు కదా, ఎప్పటికి దొరుకుతుంది?

షుగరు వరసలో ఇంకో తమాషా. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర ఒక చీటీలో, ఒట్టి మెట్‌ఫార్మిన్ ఇంకో పేరుతో ఇంకో చీటీలో. కలిపితే రోజుకు 2000 మిల్లీగ్రాములు. మూత్రపిండాల రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.4. చూడ్డానికి చిన్న అంకె, కానీ ఆమె వయసుకు లెక్కగడితే మూత్రపిండాల వడపోత 39కి పడిపోయినట్టే. అక్కడ మెట్‌ఫార్మిన్ 1000 దాటకూడదు. మూడు నెలల సగటు షుగరు 6.4. కుర్రవాళ్ళకైతే శభాష్ అనొచ్చు. ఈ వయసులో, ఇన్ని జబ్బుల మధ్య 8 లోపు ఉన్నా చాలు. గ్లిమిపిరైడ్ వేసుకుని 6.4లో ఉన్నారంటే తెల్లవారుజామున షుగరు పడిపోతోందేమోనని భయపడాలి.

పట్టిక పట్టుకుని చిత్తూరు డాక్టరు దగ్గరికే వెళ్ళాం. ఆయన ఓపిగ్గా చూశారు, సంతకం పెట్టారు. మోకాళ్ళ నొప్పి మాత్ర ఎసిక్లోఫెనాక్, గ్లిమిపిరైడ్ ఆ రోజే ఆపారు. బీపీ మాత్ర టెల్మిసార్టాన్, నీరు దిగే మాత్ర, నొప్పి మాత్ర మూడూ కలిస్తే మూత్రపిండాలకు దెబ్బ. మెట్‌ఫార్మిన్ సగానికి వచ్చింది. తర్వాతి వారం సిన్నరిజిన్ ఆగింది. ఆమ్లోడిపిన్ ఐదుకు దిగింది. ఎకోలో గుండె బాగుందని తేలాకే ఫ్యూరోసిమైడ్ తగ్గించారు. రోజూ పొద్దున బరువు చూడమన్నారు, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా ఆయాసం వచ్చినా వెంటనే రమ్మన్నారు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య రోజులు వదిలారు. అన్నీ ఒకేసారి మారిస్తే ఏం జరిగినా ఏ మార్పు వల్లో తెలియదు.

‘పెద్ద డాక్టర్లు రాసినవి ఆపితే ప్రాణం మీదికి రాదా?’ అంటారు. వస్తుంది, కొన్నింటికి. లెవోడోపా ఠక్కున మానేస్తే ఒళ్ళు బిగుసుకుపోయి జ్వరం రావచ్చు. నిద్రకు వేసుకునే ఆల్ప్రజోలామ్ ఒక్కసారిగా ఆపితే మూర్ఛలు కూడా రావచ్చు. అందుకే మా పట్టికలో ఆ రెండూ చివరన ఉన్నాయి, వారాల తరబడి కొంచెం కొంచెంగా. ఇంట్లో సొంత తెలివితో ఆపమని ఎవరూ అనడం లేదు. కానీ మొదలుపెట్టడానికి నలుగురు డాక్టర్లు ఉన్న ఇంట్లో, ఆపడం ఎవరి పని అని అడిగితే ఒక్కరూ లేరు.

ఇక్కడే నా అసలు కడుపుమంట. ఆ పనికి మనిషి ఉన్నాడు. 2008లో ఫార్మ్‌-డి మొదలైంది, ఐదేళ్ళ చదువు, ఒక ఏడాది ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. వాళ్ళు నేర్చుకునేదే ఇది. తిరుపతి, చిత్తూరు చుట్టూ ఫార్మసీ కాలేజీలకు కొదవ లేదు. చదువు అయ్యాక పిల్లలు చెన్నైకో బెంగళూరుకో వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుని అమెరికా రోగుల బిల్లులకు కోడ్లు వేస్తున్నారు. ఇక్కడి మందుల షాపులో ఫార్మసిస్టు సర్టిఫికెట్ గోడకు వేలాడుతుంది, కౌంటర్లో ఇంకెవరో ఉంటారు. కొత్త భవనానికి, కొత్త స్కానింగ్ మిషనుకు రిబ్బను కత్తిరిస్తారు. జిల్లా ఆసుపత్రి ఓపీలో ఒక బల్ల, ఒక కుర్చీ, దాని వెనక ఒక ఫార్మ్‌-డి పిల్ల అంటే మాత్రం పోస్టు ఎక్కడుందంటారు. మాత్ర రాస్తే ఖాతాలో పడుతుంది, కొట్టేస్తే ఏ ఖాతాలో పడదు మరి.

నాలుగు నెలలైంది. పెద్దమ్మ వణుకు చాలావరకు తగ్గింది, నడక ఇంకా నెమ్మదే. లెవోడోపా సగానికి వచ్చింది, ఆల్ప్రజోలామ్ ఇంకా వదల్లేదు. పట్టిక దేవుడి పటం పక్కన గుండుసూదితో గుచ్చి ఉంది. మొన్న షాపుకు వెళ్ళిన మనవడు పాత చీటీ చూపించి సిన్నరిజిన్ స్ట్రిప్ మళ్ళీ తెచ్చాడు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని గోడ మీది కాగితంతో సరిచూసి, ‘ఇది కొట్టేసిందిరా, వాపసు ఇచ్చిరా పో’ అని పంపేసింది.