ఒక్క ముద్రకు ఒక్కటే అర్థమా?

“ఒక్క నిమిషంలో ముద్రలన్నీ నేర్చుకోండి! గుడిలో విగ్రహానికైనా నాట్యంలోనైనా అర్థం ఒకటే. అరచెయ్యి చూపిస్తే అభయం. బొటనవేలు, చూపుడువేలు కలిపితే జ్ఞానం. చేతులు జోడిస్తే నమస్కారం. ఏ చేత్తో పట్టినా తేడా లేదు.”

కోనసీమ వాట్సాప్ గ్రూపుల్లో బాగా తిరుగుతున్న ఈ చిన్న వీడియోలో చేతులు అందంగా పట్టారు, అర్థాలే తప్పుగా చెప్పారు. పిల్లలకు నాట్యం నేర్పిస్తున్న ఇళ్లలో ఇది చూసి పాఠం దిద్దుకుంటున్నారు కాబట్టి ఒక్కొక్కటీ విప్పి చూడాలి.

ముందు అరచెయ్యి సంగతి. విగ్రహానికి కుడిచెయ్యి ఎత్తి, అరచెయ్యి భక్తుడి వైపు, వేళ్లు పైకి ఉంటే అది అభయమే. వేళ్లు కిందికి ఉంటే వరదం, అంటే వరమివ్వడం. రాయి కదలదు కాబట్టి అక్కడ అర్థం నిలకడగా ఉంటుంది. నాట్యంలో దానికి దగ్గరగా కనిపించేది పతాక హస్తం: నాలుగు వేళ్లూ చేర్చి చాపి, బొటనవేలు మడవాలి. ఈ ఒక్క హస్తానికి అభినయదర్పణం అనే పాత నాట్యగ్రంథం చెప్పిన వాడుకల్లో నాట్యారంభం, మేఘం, అడవి, వద్దనడం, రాత్రి, నది, గుర్రం, నరకడం, గాలి, వెన్నెల, ఎండ ఉన్నాయి. అనుగ్రహం కూడా ఉంది, కానీ చాలావాటిలో అదొకటి.

గోదావరిని చూపించాలనుకోండి. రెండు పతాకాలూ అరచేతులు నేలవైపు తిప్పి, మణికట్టు దగ్గర మెల్లగా ఎగసిపడేలా ఒక పక్కనుంచి మరో పక్కకు జరిపితే అది ప్రవాహం. చూపు కూడా చేతివెంటే జరగాలి. అదే పతాకాన్ని అరచెయ్యి ఎదుటివాడికి కనిపించేలా నిలిపి అడ్డంగా ఆడించి, తల కూడా అడ్డంగా ఊపితే ‘వద్దు’. చెయ్యి అంచును ఒక్కసారిగా కిందికి దింపితే నరకడం. మూడింట్లోనూ వేళ్లు మారలేదు. మారింది అరచెయ్యి దిక్కు, కదలిక, చూపు. వీడియోలో మణికట్టు వరకే చూపించారు కాబట్టి ఇవేవీ కనిపించవు. చెయ్యి ఎటు నడిస్తే చూపు అటు నడవాలని నాట్యగురువులు మొదటి పాఠంలోనే చెప్పేది ఇందుకే.

రెండోది, బొటనవేలు చూపుడువేలు కలపడం. దక్షిణామూర్తి విగ్రహంలో అది చిన్ముద్ర, జ్ఞానోపదేశమే. నాట్యంలో ఆ కొసలు కలిపి మిగిలిన మూడు వేళ్లూ విచ్చి చాపితే హంసాస్యం. దాని వాడుకల్లో ఉపదేశం ఉంది, దాంతోపాటు మాంగల్యం కట్టడం, ముత్యం, నీటిబొట్టు, బొమ్మ గీయడం, దీపపు వత్తి ఎగదోయడం కూడా ఉన్నాయి. మాఘమాసంలో అంతర్వేది నరసింహస్వామి కల్యాణం జరుగుతుంది. ఆ ఘట్టాన్ని అభినయించే అమ్మాయి రెండు చేతుల్లోనూ హంసాస్యం పట్టి, మెడ వెనక ముడి వేస్తున్నట్టు చూపిస్తుంది. ఆ వీడియో చూసినవాళ్లకు అక్కడ పెళ్లి కనిపించదు, జ్ఞానబోధ కనిపిస్తుంది. ఇంతకంటే నష్టం ఏముంటుంది?

నమస్కారం మాట నిజమే, కానీ సగమే. రెండు పతాకాల అరచేతులు కలిపితే అంజలి. దేవతలకైతే తలపైన, గురువుకైతే ముఖం ఎదుట, విప్రులకైతే ఛాతీ దగ్గర పట్టాలని గ్రంథంలో ఉంది. అరచేతుల మధ్య ఖాళీ ఉంచి, మొదలు, పక్కలు, కొసలు మాత్రమే తాకిస్తే అది కపోతం, అంటే వినయంతో ప్రణామం, పెద్దలతో మాట్లాడటం, ఒప్పుకోవడం. కాబట్టి పట్టిన ఎత్తు కూడా కనిపించాలి, ఖాళీ కూడా కనిపించాలి. ఎదురుగా తీస్తే ఖాళీ తెలియదు. కొద్దిగా పక్కనుంచి తియ్యాలి.

ఏ చేత్తో పట్టినా ఒకటేనన్నది అన్నిటికంటే పెద్ద తప్పు. శివుణ్ణి చూపించే హస్తాల్లో ఎడమచేత మృగశీర్షం, కుడిచేత త్రిపతాకం. సరస్వతికి కుడిచేత సూచి, ఎడమచేత కపిత్థం. తిప్పి పడితే ఆ దేవత కాదు. నటరాజు మామూలుగా కుడికాలిమీద నిలిచి ఎడమకాలు ఎత్తుతాడు. కుడికాలు ఎత్తిన రూపం మదురైలో ప్రత్యేకం. బొమ్మ తిరగబడితే మామూలు భంగిమ కాస్తా ఆ ప్రత్యేక భంగిమగా చూసేవాళ్లకు చేరిపోతుంది.

ఇది చాలాసార్లు ఫోన్ వల్ల జరుగుతుంది. ముందు కెమెరాతో తీస్తే కొన్ని ఫోన్లు వీడియోను అద్దంలో బొమ్మలాగే దాచుకుంటాయి. గుర్తుపట్టడానికి పైట చూడండి. ఎడమ భుజంమీద ఉండాల్సింది కుడివైపు కనిపిస్తే బొమ్మ తిరగబడింది. వెనక గోడమీద అక్షరాలున్నా తెలిసిపోతుంది. అలాంటప్పుడు వెనక కెమెరాతో మళ్లీ తియ్యాలి, లేదా సెట్టింగుల్లో ఆ అద్దం ఆప్షన్ ఆపెయ్యాలి.

నిమిషం వీడియోలో ఒక్క హస్తమే పెట్టాలి, ఇరవై పెట్టకూడదు. పతాకంతో నది, వద్దనడం, నరకడం చూపించి, పక్కనే విగ్రహంలోని అభయం ఫోటో పెట్టి, బొటనవేలిలో తేడా చూపిస్తే సరిపోతుంది. నిలువు ఫ్రేములో చాచిన చేతులు తెగిపోకుండా రెండడుగులు వెనక్కి జరిగి, తల పైనుంచి మోకాళ్ల దాకా పట్టేలా తియ్యండి.